దుబాయి అప్పుకూ కులముంది

బాల్కొండ పల్లెల నుంచి గల్ఫ్ నగరాలకు పోయేవారు ఒకే విమానం ఎక్కుతారు గానీ ఒకే రకం అప్పుతో ఎక్కరు. 2015 డిసెంబరులో బోధన్ నిజాం చక్కెర కర్మాగారం మూతపడటంతో జిల్లాలో చెరకు పనులు సన్నగిల్లిన మాట నిజం. ఎడారి జీతాలు ఆశపెట్టిన మాటా నిజమే. అయితే వీసాకయ్యే డబ్బు ఎక్కడిదన్నదే నా ప్రశ్న.

పట్టా పాసుపుస్తకం ఉన్న రైతుకు బ్యాంకు 7 శాతం వడ్డీకి పంట రుణమిస్తుంది, కనుక చేతిలోని సొమ్మును వీసాకు మళ్లించుకోగలడు. గుంట భూమి లేని దళిత యువకుడు మూడు రూపాయల మిత్తికి తేవాలి. అంటే ఏడాదికి 36 శాతం. లక్ష తెస్తే నెలనెలా 3,000 రూపాయలు మిత్తికే పోతాయి. ఏజెంటు సేవా రుసుము నిబంధనల ప్రకారం 30,000, ఆపై జీఎస్టీ. అంతకు మించి గుంజేదానికి రసీదుండదు.

అక్కడ జీతం ఆగిన నెలల్లో ఆ మిత్తిని కట్టేది ఇక్కడ బీడీలు చుట్టే భార్య. వేయి బీడీలు పూర్తికాని రోజున చాట పక్కన కూతురు కూర్చుంటుంది. బడి సంగతి వేరే చెప్పాలా?

విజిట్ వీసాపై పంపితే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. ఉన్నా దాని 10 లక్షలు ప్రమాద మరణానికే, నిద్రలో గుండె ఆగితే రావు. రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాతి గల్ఫ్ మరణాలకు 5 లక్షల పరిహారం ప్రకటించింది. అది అందేలోగా ఆమె వాకిట్లో ప్రామిసరీ నోటు పట్టుకుని అప్పులవాడు నిలబడి ఉంటాడు.