పండక్కి టికెట్ ఉంది, సెలవే తేలలేదు

సంక్రాంతికి కాకినాడ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ కావాలంటే 60 రోజుల ముందే, రిజర్వేషన్ తెరిచిన రోజే బుక్ చేసుకోవాలి. అందుకే హైదరాబాద్ ఉద్యోగులు చాలామంది ముందు టికెట్ కొని, తర్వాత సెలవు అడుగుతారు. జనవరి మొదటి వారం వచ్చినా పోర్టల్‌లో దరఖాస్తు ‘Pending’ అనే చూపిస్తుంటే గాభరా మొదలవుతుంది.

మెసేజ్ పెట్టేముందు ఆ దరఖాస్తు ఎవరి దగ్గర ఆగిందో చూడాలి. టీమ్ మారినా పోర్టల్‌లో పాత మేనేజర్ పేరే ఉండిపోవడం మామూలే. అలాంటప్పుడు కొత్త మేనేజర్‌కి ఎన్నిసార్లు గుర్తుచేసినా లాభం లేదు, ఆ పేరు హెచ్‌ఆర్ మార్చాలి. పేరు సరిగ్గానే ఉంటే, అవే తేదీలకు నలుగురు సెలవు అడిగారనీ, ఎవరికి ఇవ్వాలో తేలక ఆపారనీ అనుకోవచ్చు. అప్పుడు ‘ఒకసారి చూడండి సర్’ అని రాస్తే ఆ చిక్కు అలాగే ఉంటుంది. మీరు లేని రోజుల్లో పని ఎలా నడుస్తుందో రాస్తేనే అది విడుతుంది.

కొత్త మెయిల్ తీయకుండా, పాతదానికే జవాబుగా జనవరి 2న ఇలా రాయవచ్చు:

“మేడమ్, జనవరి 12 నుంచి 16 వరకు సెలవుకు డిసెంబర్ 8న దరఖాస్తు పెట్టాను. ఇంకా పెండింగ్‌లో ఉంది. 11 రాత్రి రైలుకు టికెట్లు తీసుకున్నాం. నెలవారీ రిపోర్టు 9కల్లా ఇచ్చేస్తాను. ఆ వారం క్లయింట్ కాల్స్ చూసుకోవడానికి రవి ఒప్పుకున్నారు. 6వ తేదీ సాయంత్రంలోగా మీ నిర్ణయం చెబితే, అవసరమైతే టికెట్లు రద్దు చేసుకునే వీలుంటుంది. అన్ని రోజులూ కుదరకపోతే 14 నుంచి 16 వరకైనా ఇవ్వగలరా?”

ఇందులో ముఖ్యమైనది 6వ తేదీ. రైలు రోజు దగ్గరపడేకొద్దీ రద్దు ఛార్జీ పెరుగుతుంది కాబట్టి ఆ గడువుకు కారణముంది, బెదిరింపులా ఉండదు. రవిని ముందే అడగకుండా ఆయన పేరు మాత్రం రాయకండి. మేనేజర్ నేరుగా ఆయన్నే అడుగుతారు.

6న కూడా జవాబు రాకపోతే మళ్లీ మెయిల్ వద్దు. ఫోన్ చేయండి, లేదా సీటు దగ్గరికే వెళ్లి అడగండి. మేనేజరే సెలవులో ఉంటే, ఆ బాధ్యత చూస్తున్నవారిని హెచ్‌ఆర్ ద్వారా కనుక్కుని అదే మెయిల్ పంపండి. ‘జవాబు రాలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే’ అని బయల్దేరడం ప్రమాదం. మీ కంపెనీ నిబంధనల్లో అలా రాసి ఉంటే తప్ప, మంజూరు కాని సెలవు గైర్హాజరే అవుతుంది, జీతం కూడా కోయవచ్చు.

ఫోన్‌లో ‘సరే, వెళ్లిరా’ అన్నారా? ఆ రోజే “మీరు ఫోన్‌లో చెప్పినట్టు 12 నుంచి 16 వరకు సెలవులో ఉంటాను. పోర్టల్‌లో కూడా అప్రూవ్ చేయగలరు” అని మెయిల్ పెట్టి, రైలెక్కే లోపు పోర్టల్‌లో ‘Approved’ వచ్చిందో లేదో చూసుకోండి.