ఎందాకా? తిన్నావా?

ఎదురుపడిన మనిషి ‘ఎక్కడికి?’ అని అడిగితే, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడా, లేక పలకరింపు కోసమా? ఈ ప్రశ్న మీద భాషా పరిశోధకుల మధ్య చర్చ మొదలై నూరేళ్లు దాటింది. విచిత్రం ఏమిటంటే, చర్చ ఏ దీవుల నుంచి మొదలైందో, దానికి గట్టి ఎదురు సాక్ష్యం కూడా ఆ దీవుల్లోనే దొరికింది.

పపువా న్యూగినీలో తూర్పు వైపున ట్రోబ్రియాండ్ దీవులున్నాయి. పోలండ్‌లో పుట్టిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడి ఒమరకనా గ్రామంలో గుడారం వేసుకుని, దీవుల వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే బతికాడు. 1923లో రాసిన ఒక వ్యాసంలో ఆయన ఇలా వాదించాడు: మనుషులు మాట్లాడేదంతా విషయం చెప్పుకోవడానికి కాదు. ఇద్దరు ఎదురుపడి మౌనంగా ఉండిపోతే మనసుకి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి అంటారు, అంతే. ఇంగ్లండ్‌లో వాతావరణం బాగుందంటారు, మెలనేసియా దీవుల్లో ఎక్కడి నుంచి వస్తున్నావంటారు. మాటలోని అర్థంతో పని లేదు, మాట కలిస్తే చాలు.

ఈ వాదన చాలాకాలం నిలిచింది. చైనా వాళ్ల ‘తిన్నావా’, థాయ్‌లాండ్ వాళ్ల ‘ఎక్కడికి వెళ్తున్నావు’ గురించి ఎవరు రాసినా, అవి ఉత్త పలకరింపులే, అర్థం పట్టించుకోకండి అని తేల్చేసేవారు.

1980ల్లో గుంటర్ సెన్‌ఫ్ట్ అనే జర్మన్ భాషావేత్త అవే ట్రోబ్రియాండ్ దీవులకు వెళ్లి తవ్వెమా అనే ఊళ్లో మకాం పెట్టాడు. అక్కడ దారిలో ఎవరు ఎదురైనా ‘అంబేయా?’ అంటారు. ఎక్కడికి అని. స్నానానికి వెళ్తూ ఉంటాడు, చేతిలో తువ్వాలు కనబడుతూనే ఉంటుంది, అయినా అడుగుతారు. తెలిసిపోతూనే ఉంది కదా అని ఆయన తువ్వాలు ఊపి ఊరుకునేవాడు. చివరికి పొరుగాయన పక్కకి పిలిచి, అలా చేయకూడదని నచ్చజెప్పాడు. అడిగిన వాళ్లకి వివరంగా, ఉన్నదున్నట్టు చెప్పాలట. వెళ్తాను, స్నానం చేస్తాను, తిరిగొస్తాను, ఇంటి దగ్గరే ఉంటాను, పని చేసుకుంటాను, ఇంత పొడుగున.

ఎందుకంటే అక్కడ స్నానాల గుహకి వెళ్లే దారి పదునైన పగడపు రాళ్ల దారి. వాన పడితే కాలు జారుతుంది. దారి పక్క పొదల్లో ప్రేతాలూ చేతబడి చేసేవాళ్లూ పొంచి ఉంటారని ఊరి నమ్మకం. ఎవరు ఎటు వెళ్లారో, ఎప్పటికి తిరిగి రావాలో నలుగురికీ తెలిస్తే, ఆ వేళకి రాకపోయినవాళ్లని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. సమాధానం చెప్పినవాడు అంతమంది కళ్ల కాపలాలో నడుస్తున్నట్టు లెక్క. ఉత్త పలకరింపులకి ఉదాహరణలు పుట్టిన దీవుల్లోనే ఈ ప్రశ్నకి ఇంత బరువుంది.

పసిఫిక్‌లోనే ఇంకా తూర్పుకు వెళితే సమోవా. అక్కడ పనిచేసిన అలెస్సాండ్రో దురాంతి 1997లో అచ్చయిన వ్యాసంలో ఇదే ప్రశ్నకి ఉన్న మరో ముఖం చూపించాడు. సమోవాలోనూ దారిలో కనబడితే ఎక్కడికి అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఆరా ఉంటుంది. దారిన పోయేవాడు తన కదలికకి లెక్క చెప్పాల్సి వస్తుంది. అందుకే అక్కడివాళ్లు తరచుగా ‘పని మీద’ అని సరిపెడతారు. అబద్ధం ఆడినట్టూ కాదు, గుట్టు విప్పినట్టూ కాదు. ట్రోబ్రియాండ్‌లో మర్యాద అనిపించుకునే వివరం ఇక్కడ అనవసరం. అడిగే ప్రశ్న ఒకటే, దాని వెనక ఉన్న ఏర్పాటు వేరు.

తెలుగువాళ్లం ఈ రెంటి మధ్యా ఓ దారి వేసుకున్నాం. బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని సూటిగా అడగడం మనకి అపశకునం. ఎవరైనా నోరు జారితే వెళ్లేవాళ్లు వెనక్కి వచ్చి, కాస్త కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. అందుకని పెద్దవాళ్లు ‘ఎందాకా?’ అంటారు, ‘దూరమేనా?’ అంటారు. ఈ అడగడంలోనే ఒక వెసులుబాటుంది. ‘ఇక్కడిదాకానే’ అంటే చాలు. ఊరు చెప్పక్కర్లేదు, పని అసలే చెప్పక్కర్లేదు. ఇండోనేషియాలోనూ ఇలాంటి సర్దుబాటే కనిపిస్తుంది. ఎక్కడికి అంటే ‘జలాన్ జలాన్’ అంటారు, ఊరికే తిరుగుతున్నానని. అడిగినవాడు అంతటితో తృప్తిపడి వెళ్లిపోతాడు.

తిండి ప్రశ్నకి మాత్రం కరువును కారణంగా చెప్పడం అలవాటైపోయింది. ఆకలి చూసిన జాతులు ‘తిన్నావా’ అని పలకరించుకుంటాయని. వినడానికి బాగుంటుంది కానీ నాకు ఒప్పుదల లేదు. 1845లో మొదలైన కరువు ఐర్లండ్‌లో దాదాపు పది లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. ఐరిష్ భాషలో పలకరింపు మాత్రం దేవుడు నీకు తోడుండాలనే సాగుతుంది. ఆకలి ఒక్కటే ఈ ప్రశ్నని పుట్టించేటట్టయితే అక్కడా పుట్టాల్సింది.

‘లేదు’ అంటే ఏమవుతుందో చూడండి, ఈ ప్రశ్న సంగతి తెలుస్తుంది. చైనాలో భోజనాల వేళ ఇరుగుపొరుగులు ‘చ్ర్ ల మా?’ అనుకుంటారు. ఇంకా లేదంటే, అయితే త్వరగా వెళ్లి తినమంటారు, లేదా మా ఇంటికి రమ్మంటారు. ఆ రమ్మనడాన్ని మొహమాటం కింద తీసుకుని సాగిపోవాలని ఇద్దరికీ తెలుసు. మన ఇళ్లలో గడప లోపలికి వచ్చిన మనిషిని ‘భోంచేశారా?’ అంటే సంగతి వేరు. లేదని తెలిస్తే విస్తరి వేయాల్సిందే. అందుకే వేళకాని వేళ వెళ్లినవాళ్లు కడుపు కాలుతున్నా ‘ఇప్పుడే తిని వచ్చామండీ’ అంటారు. ఇంటి ఇల్లాలి మీద వంటభారం పడకుండా ఆడే అబద్ధం అది. ఆవిడకీ ఆ సంగతి తెలుసు గనక ‘అయితే కాస్త మజ్జిగైనా పుచ్చుకోండి’ అంటుంది.

ప్రశ్న ఎంతవరకు నిజమో కనిపెట్టాలంటే రెండో ప్రశ్న కోసం చూడాలి. వీధిలో ‘ఏమ్మా, తిన్నావా?’ అన్న పక్కింటావిడ జవాబు సగం వినకుండానే నడిచిపోతుంది. అది పలకరింపు. గుంటూరులో పొద్దున్న ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేస్తుంది, డల్లాస్‌లో అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. ‘తిన్నావా?’ అంటే కొడుకు ‘ఆ, తిన్నా’ అంటాడు. ‘ఏం తిన్నావ్? నువ్వే వండుకున్నావా?’ అని మళ్లీ అడుగుతుంది. ఆ రెండో మాటతో మొదటిది నిజం ప్రశ్నైపోయింది.

‘ఎక్కడికి’ విషయంలో ఈ రెండో ప్రశ్న ఎవరికి ఎదురవుతుందన్నది ఇంకా ముఖ్యం. సాయంత్రం చెప్పులు వేసుకున్న కొడుకు ‘అలా బయటికి’ అంటే సరిపోతుంది. అక్క ఆ మాటే అంటే వరసగా వస్తాయి: ఎవరితో? ఎంతసేపు? ఫోన్ తీసుకెళ్తున్నావా? ఆ ఇంట్లో పెద్దాయన వీధిలోకి దిగితే చిన్నవాళ్లెవరూ అసలు అడగరు, అడిగే చనువు లేదు. సమోవాలో దురాంతి గమనించిన లెక్క చెప్పించుకోవడం, ట్రోబ్రియాండ్ పొరుగాయన చెప్పిన కాపలా, రెండూ ఒకే గడప దగ్గర కలిసి ఉంటాయి. వాటిలో ఏది పాలెక్కువో అడిగేవాళ్ల గొంతును బట్టి ఆ అమ్మాయికి వెంటనే తెలుస్తుంది. ‘జాగ్రత్తగా వెళ్లిరా’ అన్న మాట వెంట వస్తే ఒక రకంగా, ‘ఇప్పుడెందుకు?’ అన్న మాట వెంట వస్తే మరో రకంగా ఆమె జవాబు చెబుతుంది.