సెకండ్ హ్యాండ్ బండి అమ్మకానికి: ఆ నాలుగు లైన్లలో ఏం రాయాలి?

"2019 మోడల్, సింగిల్ హ్యాండ్, షోరూమ్ కండిషన్, పేపర్స్ అన్నీ క్లియర్. టైమ్‌పాస్ వాళ్లు కాల్ చేయొద్దు." మన ఊళ్లలో పాత బండి అమ్మే పోస్టు కింద సాధారణంగా కనిపించే మాటలివి. ఇందులో కొనేవాడు సరిచూసుకోగలిగిన సంగతి దాదాపు ఒక్కటీ లేదు. అందుకే ఫోన్లు చాలా వస్తాయి, బేరం మాత్రం తెగదు. వచ్చిన ప్రతి ఒక్కరూ అవే ప్రశ్నలు అడుగుతారు, బండి దగ్గరికొచ్చాక ఏదో ఒక లోపం పట్టుకుని ఐదు వేలు తగ్గించమంటారు. అమ్మేవాడు ఆ లోపాన్ని ముందే రాసి ఉంటే దాని మీద బేరం ఉండేది కాదు. పోస్టులో రాసే ప్రతి మాటా బండి దగ్గరో, కాగితం మీదో తేల్చుకునేలా ఉండాలి. మంచి క్యాప్షన్‌కు నేను పెట్టుకున్న కొలత అదే.

ఉదాహరణకు హనుమకొండలో ఒకాయన తన పల్సర్ 150 అమ్మాలనుకున్నాడని అనుకుందాం. బండి 2018 నవంబరులో తయారైంది, 2019 ఫిబ్రవరిలో రిజిస్టర్ అయింది. అది 2018 మోడలా, 2019 మోడలా? ఆర్‌సీలో రెండు తేదీలూ ఉంటాయి కాబట్టి పోస్టులోనూ రెండూ రాయడమే న్యాయం. ఇది ఒక్క సంవత్సరం తేడాతో పోయే విషయం కాదు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ 1 నుంచి. అంటే "2019 మోడల్ 150 సీసీ" అన్నంత మాత్రాన దానికి ఏబీఎస్ ఉందో లేదో తెలియదు. మన పల్సర్ లాగా అంతకు ముందు తయారైన వాటిలో చాలావాటికి ఉండదు. 2020 సంగతీ అంతే. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధన వచ్చింది, దాంతో చాలా బండ్లు కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కార్బురేటర్ బండిని వీధి చివరి మెకానిక్ కూడా విప్పి శుభ్రం చేయగలడు. ఇంజెక్షన్ బండికి సెన్సర్ పోతే అంత సులువు కాదు. నెల రాయకపోతే కొనేవాడికి ఈ తేడా తెలిసే దారి లేదు.

నంబరు ప్లేటు చూసి బండి ఏ జిల్లాదో చెప్పేయొచ్చని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ మొదలైంది కాబట్టి ఆ బండ్ల విషయంలో అది కుదరదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. ఏ ఆర్టీఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో పోస్టులో ఒక ముక్క రాస్తే సరిపోతుంది. వేరే రాష్ట్రం బండి అయితే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవగ్గా కనిపించిన బండి అక్కడే ఖరీదవుతుంది.

ఇక కండిషన్. "షోరూమ్ కండిషన్" అనే మాటను ఎవరూ నమ్మరు. దాని బదులు మూడు సంగతులు రాయాలి: ఇంజిన్ ఎప్పుడైనా విప్పారా, ఈ మధ్య ఏం మార్చారు, ఇప్పుడు ఏం మార్చాలి. మూడోదే అన్నిటికన్నా విలువైనది. మన హనుమకొండ పల్సర్ 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ విప్పలేదు. వెనక టైరు, బ్యాటరీ కొత్తవి, బిల్లులు ఉన్నాయి. చైన్ సెట్ అరిగింది, ముందు ఫోర్క్‌లో కుడివైపు ఆయిల్ సీల్ కారుతోంది. చివరి రెండూ రాస్తే బండి అమ్ముడుపోదేమోనని భయపడతారు గానీ, చూడ్డానికి వచ్చినవాడు వాటిని ఎలాగూ కనిపెడతాడు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు కిందికి గట్టిగా నొక్కి, ఫోర్క్ రాడ్ మీద వేలు రాస్తే చాలు, సీలు పోయినదైతే ఆయిల్ అంటుకుంటుంది. ముందురోజు తుడిచి పెట్టినా ఆ నాలుగు నొక్కులతో బయటపడుతుంది. దాచిన లోపం ఒకటి దొరికాక, మిగతా మాటలన్నిటి మీదా అనుమానం వస్తుంది.

కిలోమీటర్ల విషయంలో మీటర్ ఫొటో ఒక్కటే రుజువు కాదు, మీటర్లు మార్చేస్తారు. సర్వీసు బిల్లుల మీద తేదీతో పాటు కిలోమీటర్లు ఉంటాయి. వాటిలో రెండు మూడు వరసగా ఫొటో తీసి పెడితే మాటకు బలం వస్తుంది. కొనేవారికి ఇంకో గుర్తుంది. మీటర్ 18 వేలు చూపిస్తుంటే ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, బ్రేక్ పెడల్ నున్నగా అరిగిపోయి ఉన్నాయంటే ఆ అంకె నమ్మదగింది కాదు. టైరు వయసు టైరు మీదే ఉంటుంది. పక్క గోడ మీద నాలుగంకెలు వెతకండి. 4718 అని ఉంటే 2018లో 47వ వారంలో తయారైందని అర్థం.

అసలు చిక్కు కాగితాల దగ్గర. "పేపర్స్ క్లియర్" అన్న రెండు మాటల కింద నాలుగు వేరువేరు ప్రశ్నలు దాగి ఉంటాయి.

మొదటిది ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందన్నది. అమ్మే మనిషి పేరు, ఆర్‌సీలో పేరు ఒకటే అయితే ఆ మాట రాయాలి. నాన్నగారి పేరు మీద ఉంటే అదీ రాయాలి. ఆయన చనిపోయి ఉంటే బండి ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మారాలి, ఆ తర్వాతే అమ్మకం సాఫీగా సాగుతుంది. పేరు మార్చకుండా చేతులు మారుతూ వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి. వాటిని చవగ్గా వస్తున్నాయని కొనొద్దని గట్టిగా చెబుతాను.

రెండోది ఫైనాన్స్. మన పల్సర్ యజమాని లోను ఎప్పుడో కట్టేశాడు, అయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. ఇది చాలామందికి తెలియని సంగతి. చివరి ఈఎంఐ కట్టినంత మాత్రాన ఆర్టీఏ రికార్డులో హైపోథికేషన్ పోదు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో రద్దు చేయించుకోవాలి. బ్యాంకు ఇచ్చే లేఖకు గడువుంటుంది. ఎప్పుడో తెచ్చి బీరువాలో పెట్టుకున్నది చెల్లకపోవచ్చు, మళ్లీ తెచ్చుకోవాలి. పోస్టు పెట్టకముందే ఈ పని ముగించడం మంచిది. కుదరకపోతే "లోను తీరింది, హెచ్‌పీ క్యాన్సిల్ చేయించి ఇస్తాను" అని రాయాలి.

మూడోది ఇన్సూరెన్స్. "ఇన్సూరెన్స్ ఉంది" అంటే చాలదు. థర్డ్ పార్టీ మాత్రమేనా, బండి దెబ్బతిన్నా డబ్బొచ్చే పాలసీయా, ఏ తేదీ దాకా అన్నది రాయాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాల్సి వస్తోంది, సొంత బండికి కవర్ మాత్రం చాలామందికి మొదటి ఏడాదితోనే ఆగిపోతుంది. యజమాని తెలియక "ఫుల్ ఇన్సూరెన్స్" అని రాసేది ఇక్కడే. క్లెయిమ్ చేయనందుకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ కూడా బండితో కొత్త యజమానికి వెళ్లదు, అమ్మినవాడి దగ్గరే ఉంటుంది.

నాలుగోది చలాన్లు. అమ్మేవాడు ఆ రోజు ఈ-చలాన్ సైట్లో నంబరు కొట్టి చూసుకుని, ఉన్నవి కట్టేసి, ఆ తేదీతో రాయాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా అదే లైనులో చేర్చేయొచ్చు.

ఆర్‌సీ ఫొటో మొత్తంగా పోస్టులో పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంటి అడ్రసు అన్నీ అందులో ఉంటాయి. నిజంగా కొనేవారికి బండి నంబరు మెసేజ్‌లో ఇస్తే వాళ్లే ఎం-పరివాహన్ యాప్‌లో చూసుకుంటారు. కాగితాలు చేతిలో పెట్టి చూపించేది కలిసినప్పుడే.

కలవడం ఎలాగన్నది చాలామంది పోస్టులో రాయరు. నా దృష్టిలో బండి కండిషన్ తేలేది ఆ లైనుతోనే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దాని గుణం తెలుస్తుంది. కొనేవాడు రాకముందే అమ్మేవాడు ఓ రౌండు వేసొచ్చి వేడి చేసి ఉంచితే, పొద్దున మొండికేసే బండి కూడా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ లోపల కాలుతోందన్నమాట. రేజ్ చేసినప్పుడల్లా అది వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు, బోరు పని పడ్డట్టే. చలికాలం పొద్దున కాసేపు వచ్చి ఆగిపోయే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు. అందుకే "మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయను" అని రాసిన పోస్టు చూస్తే నాకు ఆ అమ్మేవాడి మీద గౌరవం కలుగుతుంది. కొనేవారు వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూసుకోవచ్చు.

చోటు ఇంటి అడ్రసు కాకుండా అందరికీ తెలిసిన కూడలి, సమయం పగటిపూట. టెస్ట్ రైడ్‌కు ఇచ్చేటప్పుడు వచ్చినవారి ఒరిజినల్ లైసెన్సు, వాళ్లు వేసుకొచ్చిన బండి తాళం తీసుకోండి, లేదా వెనక కూర్చోండి. ఒక రౌండు వేసొస్తానని బండితో వెళ్లిపోయిన సంఘటనలు ఉన్నాయి. చూడకుండానే కొంటానని, తాను ఆర్మీలో ఉన్నానని చెప్పి క్యూఆర్ కోడ్ పంపేవారితో మాట ఆపేయండి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి కోడ్ స్కాన్ చేయడం, యూపీఐ పిన్ కొట్టడం ఎప్పుడూ అవసరం లేదు. కొనేవారూ అంతే, బండి చూడకముందు ట్రాన్స్‌పోర్ట్ ఖర్చని, టోకెన్ అని పైసా పంపొద్దు.

ఇవన్నీ కలిపితే మన పల్సర్ పోస్టు ఇలా ఉంటుంది:

"బజాజ్ పల్సర్ 150. తయారీ 2018 నవంబరు, రిజిస్ట్రేషన్ 2019 ఫిబ్రవరి, హనుమకొండ. ఏబీఎస్ లేదు. ఫస్ట్ ఓనర్, ఆర్‌సీ నా పేరు మీదే. 41,000 కి.మీ., సర్వీసు బిల్లులు ఉన్నాయి. ఇంజిన్ విప్పలేదు. వెనక టైరు, బ్యాటరీ కొత్తవి. చైన్ సెట్, ముందు కుడి ఫోర్క్ సీల్ మార్చాలి, ధర అది చూసే పెట్టాను. లోను తీరింది, హెచ్‌పీ క్యాన్సిల్ చేయించి ఇస్తాను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే, 2027 ఫిబ్రవరి వరకు. చలాన్లు ఈ రోజుకు లేవు. ధర 46,000, కొద్దిగా బేరం. శని, ఆదివారాలు పొద్దున 8 నుంచి 11 లోపు. ముందు మెసేజ్ పెట్టండి, బండి నంబరు పంపుతాను. మెకానిక్‌ను తెచ్చుకోండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయను."

చదవడానికి నిమిషం పట్టదు. ఫోన్లు తగ్గుతాయి, వచ్చేవాళ్లు మాత్రం డబ్బుతోనే వస్తారు.

బండి ఇచ్చేశాక పని అయిపోయిందనుకోవద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చి "మీరు చూసుకోండి" అని వదిలేసేవారే ఎక్కువ. రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవారిది, కొన్నవారికి 30 రోజులు. పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది: రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని ఆయనే, పరిహారం బాధ్యతా ఆయనదే. కాబట్టి బండి ఇచ్చిన తేదీ, టైమ్ రాసిన డెలివరీ రసీదు మీద కొన్నవారి సంతకం తీసుకోండి, దాని ఫొటో దాచుకోండి, నెల తర్వాత ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి పేరు మారిందో లేదో మీరే చూసుకోండి.