బాకీ అడగాలి, బంధం నిలవాలి

విజయవాడలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ అనుకుందాం. పాత ఖాతాదారుకు జూన్ 1న 48,000 రూపాయల బిల్లు ఇచ్చింది. గడువు జూలై 1. నెలాఖరు వచ్చినా డబ్బు అందలేదు. ఇప్పుడేం రాయాలి?

రాసే ముందు వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఫోన్ చేయాలి. బిల్లు అందిందా, ఆర్డర్ నంబరు, జీఎస్టీ నంబరు సరిపోయాయా అని అడగాలి. చాలాసార్లు బిల్లు ఆగేది అక్కడే. అన్నీ సరిగ్గా ఉంటే, ఈమెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. జూన్ 1 నాటి 112 నంబరు బిల్లు, రూ.48,000, జూలై 1కి చెల్లించాల్సి ఉంది. నేటికి 30 రోజులు దాటింది. బిల్లు కాపీ, బ్యాంకు వివరాలు జత చేశాను. ఆగస్టు 7లోగా చెల్లించగలరు. బిల్లులో ఏదైనా తేడా ఉంటే చెప్పండి, వెంటనే సరిచేస్తాం. మీ తదుపరి ఆర్డర్ పని యథావిధిగా సాగుతోంది."

ఇందులో నిష్ఠూరం లేదు, క్షమాపణా లేదు. "వీలు చూసుకుని పంపండి" అని రాస్తే ఆ వీలు ఎప్పటికీ రాదు. అందుకే తేదీ తప్పనిసరి.

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న తయారీ, సేవా సంస్థలకు ఒప్పందం ఏదైనా 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. అయితే ఆ మాట మొదటి ఉత్తరంలో వద్దు. ఆగస్టు 7 దాటాక, యజమానికి ఫోన్ చేసి మాట్లాడాక, రెండో ఉత్తరంలో రాయండి.