బాహుళక తరగతి, దాని ఇరుగుపొరుగు

ఒక దత్తాంశంలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన విలువ బాహుళకం. విలువలు విడివిడిగా, కొద్ది రకాలుగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకోవడానికి లెక్కతో పనిలేదు. చెప్పుల దుకాణంలో ఏ సైజు ఎక్కువగా అమ్ముడుపోయిందో అమ్మకాల పుస్తకం చూస్తే తెలిసిపోతుంది. కొలతల దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి పనిచేయదు. ఒక కాలనీలో ఇళ్ల నెలవారీ కరెంటు వాడకం తీసుకుంటే ఒక ఇంట్లో 113 యూనిట్లు, పక్కింట్లో 127, ఎదురింట్లో 121 ఉండవచ్చు. ఏ రెండు ఇళ్లకూ ఒకే అంకె రాకపోవచ్చు. ఎక్కడో రెండు ఇళ్లకు సరిగ్గా 243 వచ్చినా అది కాకతాళీయమే తప్ప ఆ కాలనీలో ఎక్కువమంది వాడకం 243 అని అర్థం కాదు.

అందుకే విలువలను తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతిలో ఎన్ని పడ్డాయో లెక్కిస్తారు. ఆ లెక్కే పౌనఃపున్యం. ఇక్కడ వెతకాల్సింది పదేపదే వచ్చిన ఒక అంకెను కాదు, విలువలు అన్నిటికంటే దట్టంగా గుమిగూడిన చోటును. ఇంగ్లండుకు చెందిన గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ 1895లో ఈ కొలతకు ఇంగ్లీషులో ‘మోడ్’ అనే పేరు వాడాడు. పౌనఃపున్య వక్రరేఖ అత్యంత ఎత్తుకు చేరే బిందువునే ఆయన ఆ పేరుతో పిలిచాడు. తరగతుల పట్టిక నుంచి ఆ శిఖరం ఎక్కడుందో అంచనా వేయడమే పదో తరగతి గణితంలో విద్యార్థులు నేర్చుకునే సూత్రం చేసే పని.

ఉదాహరణకు 80 ఇళ్ల కాలనీలో ఒక నెల వాడకం కింది విధంగా ఉందని ఊహించుకోవచ్చు. హద్దు మీద పడిన విలువను పై తరగతిలో వేస్తారు. అంటే సరిగ్గా 100 యూనిట్లు వాడిన ఇల్లు 100–150 తరగతిలోకి వస్తుంది.

| యూనిట్లు | ఇళ్లు |
|---|---|
| 0–50 | 7 |
| 50–100 | 18 |
| 100–150 | 26 |
| 150–200 | 14 |
| 200–250 | 9 |
| 250–300 | 6 |

అన్నిటికంటే పెద్ద పౌనఃపున్యం 26. అది ఉన్న 100–150 బాహుళక తరగతి. ఇక్కడే చాలామంది ఆగిపోయి 26నే జవాబుగా రాస్తారు. 26 ఇళ్ల సంఖ్య. బాహుళకం యూనిట్లలో రావాలి. అది 100కీ 150కీ మధ్య ఎక్కడో ఉందన్నంతవరకే ఇప్పటికి తెలిసింది. తేలికైన దారి మధ్య విలువ 125ను తీసుకోవడం. కానీ పట్టికలో అంతకంటే ఎక్కువ సమాచారం ఉంది. బాహుళక తరగతికి ఎడమవైపు తరగతిలో 18 ఇళ్లున్నాయి, కుడివైపు తరగతిలో 14 మాత్రమే. ఎడమవైపు జనం ఎక్కువగా ఉన్నారంటే శిఖరం కూడా మధ్య నుంచి కొంత ఎడమకు జరిగి ఉండాలి. ఎంత జరిగిందో సూత్రం చెబుతుంది.

```
బాహుళకం = l + [(f1 − f0) / (2·f1 − f0 − f2)] × h
```

ఇందులో l బాహుళక తరగతి దిగువ హద్దు, h తరగతి పొడవు, f1 బాహుళక తరగతి పౌనఃపున్యం, f0 దానికి ముందున్న తరగతిది, f2 తర్వాతి తరగతిది. హారం చూడ్డానికి కాస్త బెదిరించినా అందులో ఉన్నది రెండు తేడాల మొత్తమే. బాహుళక తరగతి ముందు తరగతిని ఎంత మించిందో మొదటి తేడా: 26 − 18 = 8. తర్వాతి తరగతిని ఎంత మించిందో రెండోది: 26 − 14 = 12. రెండూ కలిపితే 20. సూత్రం అడిగేది ఈ 20లో 8 ఎంత భాగమని. అది ఐదింట రెండు వంతులు. తరగతి పొడవు 50లో ఐదింట రెండు వంతులు 20. దిగువ హద్దు 100కు దాన్ని కలిపితే బాహుళకం 120 యూనిట్లు. అనుకున్నట్టే 125కు ఎడమవైపు ఉంది. సూత్రాన్ని ఇలా రెండు తేడాలుగా గుర్తుపెట్టుకుంటే 2·f1లో ఉన్న 2ను మరచిపోయే ప్రమాదం కూడా ఉండదు.

ఈ నిష్పత్తి ఎక్కడి నుంచి వచ్చిందో సోపాన చిత్రం గీస్తే కనిపిస్తుంది. పక్కపక్కన 18, 26, 14 ఎత్తులున్న మూడు కమ్మీలు నిలబెట్టాలి. మధ్య కమ్మీ పైన ఎడమ మూల నుంచి కుడి కమ్మీ పైన ఎడమ మూలకు ఒక గీత, మధ్య కమ్మీ కుడి మూల నుంచి ఎడమ కమ్మీ పైన కుడి మూలకు ఇంకో గీత గీయాలి. రెండూ మధ్య కమ్మీ లోపల ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ బిందువు నుంచి కిందికి నిలువు గీత దించితే అది తాకిన విలువే బాహుళకం. గీతలు దాటే చోట రెండు సరూప త్రిభుజాలు ఏర్పడతాయి. ఎడమ త్రిభుజం నిలువు భుజం 8, కుడిదాని నిలువు భుజం 12. సరూప త్రిభుజాల ఎత్తులూ భుజాల నిష్పత్తిలోనే ఉంటాయి కాబట్టి ఆ బిందువు 50 యూనిట్ల పొడవును 8:12గా విడగొడుతుంది. గ్రాఫు కాగితం మీద చేసినా, సూత్రంలో వేసినా 120 రావడానికి కారణం ఇదే.

దీనికి మరింత బలమైన సమర్థన ఉంది, అది బడి పుస్తకాల్లో సాధారణంగా కనిపించదు. మూడు కమ్మీల పైఅంచుల మధ్య బిందువుల గుండా, అంటే 75, 125, 175 యూనిట్ల దగ్గర 18, 26, 14 ఎత్తుల్లో, ఒక పరావలయం గీస్తే దాని శిఖరం కూడా సరిగ్గా 120 దగ్గరే వస్తుంది. ఇది ఈ అంకెలకే జరిగిన వింత కాదు. తరగతుల పొడవులు సమానమైతే ఎప్పుడైనా అంతే. కాబట్టి సూత్రం ఒప్పుకోమనే ఊహ ఒక్కటే: శిఖరం దగ్గర పౌనఃపున్యం పరావలయంలా నునుపుగా లేచి దిగుతుందని. ఆ ఊహ ఎంత నిజమైతే జవాబు అంత నమ్మదగినది.

జవాబు సరైన దారిలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చూపు చాలు. బాహుళకం బాహుళక తరగతి లోపలే ఉండాలి. బయటికి వచ్చిందంటే గుర్తులో గానీ తీసివేతలో గానీ తప్పు జరిగింది. ఇరుగుపొరుగుల్లో ఎటువైపు పౌనఃపున్యం ఎక్కువో జవాబు అటువైపు ఒరగాలి. రెండూ సమానమైతే సరిగ్గా మధ్య విలువ రావాలి. మధ్యగతం లెక్కకు వేసుకున్న సంచిత పౌనఃపున్యాల వరుస నుంచి పొరపాటున f0, f1 తీసుకోవడం పరీక్షల్లో తరచూ జరిగే తప్పు. ఆ వరుసలో విలువలు తగ్గవు కాబట్టి అక్కడ ‘పెద్ద పౌనఃపున్యం’ వెతికితే చివరి తరగతే దొరుకుతుంది. తరగతులు 51–100, 101–150 అన్నట్టు ఖాళీలతో ఇస్తే దిగువ హద్దుగా 101 కాక 100.5 తీసుకోవాలి, పొడవు 49 కాదు, 50.

తరగతుల పొడవులు సమానంగా లేనప్పుడు తప్పు పెద్దదవుతుంది. కరెంటు బిల్లులోని శ్లాబుల్లా చివరి తరగతులు వెడల్పుగా ఉండడం మామూలే. పై పట్టికలో చివరి మూడు తరగతులను కలిపి 150–300 అని ఒకే వరుసగా రాస్తే అందులో 29 ఇళ్లు చేరతాయి. 29 అనేది 26 కంటే పెద్దది కాబట్టి అదే బాహుళక తరగతి అనిపిస్తుంది. నిజానికి ఒక్క ఇల్లూ కదలలేదు, పట్టిక రాసిన తీరు మాత్రమే మారింది. ఒక్కో యూనిట్ పొడవుకు ఎన్ని ఇళ్లో చూస్తే సంగతి తేలుతుంది: 29ని 150తో భాగిస్తే సుమారు 0.19, 26ను 50తో భాగిస్తే 0.52. దట్టంగా ఉన్నది ఇప్పటికీ 100–150 తరగతే. సూత్రంలో ఒకే h ఉంది. అది సమాన పొడవుల కోసమే తయారైందని గుర్తించాలి.

పొడవులు సమానంగా ఉన్నా హద్దులు ఎక్కడ గీశారన్నది జవాబును మారుస్తుంది. ఈ విషయానికి దక్కాల్సినంత చోటు పాఠాల్లో దక్కదు. అవే 80 ఇళ్లను 25 యూనిట్ల తరగతులుగా విడగొడితే మధ్య భాగంలో 50–75లో 7, 75–100లో 11, 100–125లో 12, 125–150లో 14, 150–175లో 9, 175–200లో 5 ఇళ్లు పడ్డాయనుకోవాలి. పాత పట్టికతో ఇది పూర్తిగా సరిపోతుంది: 7, 11 కలిస్తే 18, 12, 14 కలిస్తే 26, 9, 5 కలిస్తే 14. ఇప్పుడు బాహుళక తరగతి 125–150. తేడాలు 14 − 12 = 2, 14 − 9 = 5. రెండింటి మొత్తం 7లో 2 వంతు, అంటే 25లో సుమారు 7.1. బాహుళకం 132.1 యూనిట్లు.

తిరిగి 50 యూనిట్ల పొడవుకే వచ్చి, హద్దులను 25 నుంచి మొదలుపెడితే ఇంకో ముఖం కనిపిస్తుంది. 75–125 తరగతిలో 11, 12 కలిసి 23 ఇళ్లు. 125–175లో 14, 9 కలిసి అవే 23. పక్కపక్క తరగతులు రెండూ సమంగా నిలిచాయి. దేన్ని బాహుళక తరగతి అనాలి? మొదటిదాన్ని తీసుకుంటే కుడివైపు తేడా సున్నా అవుతుంది, జవాబు దాని ఎగువ హద్దు 125కు చేరుతుంది. రెండోదాన్ని తీసుకుంటే ఎడమవైపు తేడా సున్నా, జవాబు దాని దిగువ హద్దు దగ్గరే ఆగుతుంది, అదీ 125. ఎటునుంచి వెళ్లినా ఉమ్మడి హద్దే దొరకడం సూత్రంలోని అందమైన గుణం. సమాన శిఖరాలు పక్కపక్కన కాక దూరదూరంగా ఉంటే మాత్రం దత్తాంశానికి రెండు బాహుళకాలున్నాయని చెప్పడమే న్యాయం.

అంటే అవే ఇళ్లు, అవే మీటర్లు, జవాబులు మాత్రం 120, 125, 132.1. సూత్రం తప్పలేదు. తరగతులు సన్నగా ఉంటే ఒకటి రెండు ఇళ్ల తేడాకే శిఖరం అటూ ఇటూ గెంతుతుంది; మరీ వెడల్పుగా ఉంటే శిఖరం ఆకారమే చెరిగిపోతుంది. అందువల్ల ఈ కాలనీ గురించి ‘బాహుళకం 120.00’ అని దశాంశాలతో రాయడం కంటే ‘120, 130 యూనిట్ల దరిదాపుల్లో’ అనడం నిజాయితీ.

బాహుళక తరగతి పట్టికలో మొట్టమొదటిదే అయితే f0ను సున్నాగా తీసుకోమని నియమం. లెక్క జరుగుతుంది గానీ జవాబును అనుమానంతో చూడాలి. మొదటి తరగతి 0–50లో 30 ఇళ్లు, తర్వాతి దానిలో 20 ఉంటే తేడాలు 30, 10; బాహుళకం 37.5 వస్తుంది. చాలా ఇళ్ల వాడకం సున్నాకు దగ్గరగా ఉండి క్రమంగా తగ్గుతూ పోయే దత్తాంశంలో అసలు శిఖరం ఎడమ అంచునే ఉంటుంది. ఎడమవైపు పొరుగు లేకపోవడాన్ని సూత్రం అటు జనం లేరన్నట్టు చదివి, శిఖరాన్ని కుడివైపుకు నెడుతుంది.

మొదటి పట్టికలో సగటు లెక్కిస్తే 136.25, మధ్యగతం సుమారు 128.8 వస్తాయి. ఎక్కువ వాడే కొద్ది ఇళ్లు సగటును పైకి లాగాయి, బాహుళకాన్ని కదిలించలేకపోయాయి. మధ్యగతానికి మూడు రెట్ల నుంచి సగటుకు రెండు రెట్లు తీసేస్తే బాహుళకం దాదాపుగా వస్తుందన్న పియర్సన్ సంబంధం ఇక్కడ సుమారు 114 ఇస్తుంది. 120కి అది దగ్గరే గానీ సమానం కాదు. ఆ సంబంధం ఒక వైపుకు కొద్దిగా మాత్రమే వాలిన ఒంటి శిఖరపు దత్తాంశాలకు వర్తించే ఉజ్జాయింపు, రుజువైన సమీకరణం కాదు.