అంకణా కలిసింది, మరి లాభం మాటేమిటి?

ఉదాహరణకు ఒక బట్టల కొట్టును తీసుకుందాం. మార్చి 31తో ఏడాది ముగిసింది. గుమాస్తా ఆవర్జాలోని ఖాతాల నిల్వలన్నీ తీసి అంకణా వేశాడు. డెబిట్ వైపు 32,61,420 రూపాయలు తేలాయి, క్రెడిట్ వైపు 32,42,600. సమానంగా రావాల్సిన రెండు మొత్తాల మధ్య 18,820 రూపాయల తేడా ఉంది. తప్పులు వెతుకుతూ కూర్చునే వ్యవధి లేదు, బ్యాంకుకు లెక్కలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. దాంతో తక్కువ పడిన క్రెడిట్ వైపు ‘అనామతు ఖాతా 18,820’ అని రాసి అంకణా కలిపేశాడు. ఆ లెక్కల మీదే నికర లాభం 2,40,000 రూపాయలని తేల్చాడు.

అకౌంటెంట్లు సస్పెన్స్ అకౌంట్ అని పిలిచేది ఈ ఖాతానే. తేడా ఎందుకొచ్చిందో తెలిసేదాకా దాన్ని తాత్కాలికంగా ఇందులో ఉంచుతారు. ఒక్కో తప్పూ బయటపడిన కొద్దీ సవరణ పద్దు రాస్తూ పోతే చివరికి ఖాతా సున్నాకు చేరాలి.

తేడా అంకెను చూసి తప్పును పట్టే చిట్కాలు గుమాస్తాలకు తెలుసు. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే అంకెలు తారుమారు అయ్యాయేమోనని అనుమానిస్తారు. తేడాలో సగం మొత్తానికి సరిపోయే పద్దు ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని ఒక వైపు రాయబోయి రెండో వైపు రాశారేమో చూస్తారు. ఈ కొట్టులో రెండు చిట్కాలూ పారలేదు. 18,820 తొమ్మిదితో పోదు. అందులో సగమైన 9,410 రూపాయల పద్దు పుస్తకాల్లో ఎక్కడా లేదు. కారణం, తేడా ఒక్క తప్పుతో వచ్చింది కాదు. ఇక పుస్తకాలన్నీ మొదటి నుంచి సరిచూడక తప్పలేదు.

మొదటి తప్పు అమ్మకాల చిట్టాలో దొరికింది. ఒక నెల మొత్తం 4,17,350 రావాల్సింది, కూడికలో పొరపాటు పడి 4,07,350 అని వేశారు. అరువు తీసుకున్న ఖాతాదారుల పేర్ల మీద విడివిడి మొత్తాలు సరిగ్గానే ఎక్కాయి. నెల మొత్తం చేరాల్సిన అమ్మకాల ఖాతాకు మాత్రం 10,000 తక్కువ పడింది. అంటే తప్పు ఒక వైపే జరిగింది. అనామతు ఖాతాకు 10,000 డెబిట్, అమ్మకాల ఖాతాకు 10,000 క్రెడిట్ రాస్తే సరిపోతుంది. లాభం 10,000 పెరుగుతుంది.

రెండోది కరెంటు బిల్లు. నగదు చిట్టాలో 3,640 అని సరిగ్గా రాసి, ఆవర్జాలో ఎక్కించేటప్పుడు 3,460 చేశారు. తేడా 180, ఇది తొమ్మిదితో పోతుంది. ఒంటరిగా ఉంటే చిట్కాకు దొరికేదే. కరెంటు ఖర్చుకు 180 డెబిట్, అనామతు ఖాతాకు క్రెడిట్ రాయాలి. ఖర్చు పెరిగింది కాబట్టి లాభం 180 తగ్గుతుంది.

మూడోది ఒక ఖాతాదారుడు కట్టిన 4,500 రూపాయలు. ఆయన ఖాతాకు క్రెడిట్ చేయాల్సింది పోయి డెబిట్ చేశారు. డబ్బు కట్టినా ఆయన బాకీ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. దీన్ని సరిచేయడానికి 4,500 చాలదు. తప్పుగా రాసింది కొట్టేయడానికి ఒక 4,500, రాయాల్సింది రాయడానికి మరో 4,500 కావాలి. అందుకే అనామతు ఖాతాకు 9,000 డెబిట్ చేసి, ఖాతాదారుడి ఖాతాకు 9,000 క్రెడిట్ చేస్తారు. లాభం మాత్రం రూపాయి కూడా మారదు. బాకీ వసూలు కావడం ఆదాయమూ కాదు, ఖర్చూ కాదు. సవరణలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అనామతు ఖాతాను కదిలించిన ప్రతి తప్పూ లాభాన్ని మారుస్తుందనుకుని ఈ 9,000ను కూడా కలిపేస్తారు.

ఇప్పుడు అనామతు ఖాతా చూస్తే డెబిట్ వైపు 10,000, 9,000 కలిసి 19,000. క్రెడిట్ వైపు మొదట రాసిన 18,820, కరెంటు బిల్లు 180 కలిసి 19,000. ఖాతా మూసుకుంది. లాభం 2,49,820కి చేరింది.

గుమాస్తా అక్కడితో పుస్తకాలు కట్టేసి ఉంటే తప్పులో కాలేసినట్టే. రెండు వైపులా ఒకే మొత్తంతో జరిగిన తప్పులు అంకణాలో తేడా చూపవు కాబట్టి అనామతు ఖాతా వాటి జాడ చెప్పలేదు. ఈ కొట్టులో అలాంటివి రెండు ఉన్నాయి.

ఏప్రిల్ మొదట్లో 24,000 పెట్టి కొన్న ఇనుప ర్యాకుల బిల్లును సరుకు కొనుగోళ్లలో రాసేశారు. ర్యాకులు ఏళ్ల తరబడి ఉండే ఆస్తి. ఫర్నిచర్ ఖాతాకు డెబిట్, కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్ చేస్తే లాభం 24,000 పెరుగుతుంది. అయితే ఆస్తిగా చూపాక ఏడాది తరుగుదల కూడా వేయాలి. కొట్టు ఫర్నిచర్ మీద 10 శాతం వేస్తుంది కాబట్టి 2,400 తీసేయాలి. నికరంగా పెరిగేది 21,600.

ఇక ఐదోది, మార్చి చివర్లో అరువు మీద వచ్చిన 6,000 రూపాయల చీరల బిల్లు. అది కొనుగోళ్ల చిట్టాలో ఎక్కనే లేదు. చీరలు మాత్రం అల్మారాలో ఉన్నాయి, 31న సరుకు లెక్కించినప్పుడు ముగింపు సరుకులో చేరిపోయాయి. సరుకు విలువ లెక్కలోకి వచ్చి, దాని ఖరీదు రాకపోవడంతో లాభం 6,000 ఎక్కువగా కనిపించింది. కొనుగోళ్లకు డెబిట్, సరుకిచ్చిన వ్యాపారికి క్రెడిట్ రాసి లాభంలోంచి 6,000 తగ్గించాలి.

మొత్తం లెక్క ఇలా తేలింది:

మొదట చూపిన లాభం: 2,40,000
అమ్మకాల కూడిక తప్పు: + 10,000
కరెంటు బిల్లు: − 180
ఖాతాదారుడి చెల్లింపు: 0
ర్యాకులు: + 24,000
ర్యాకుల తరుగుదల: − 2,400
ఎక్కని చీరల బిల్లు: − 6,000
సవరించిన నికర లాభం: 2,65,420

మారిన 25,420 రూపాయల్లో అనామతు ఖాతా ద్వారా దొరికింది 9,820 మాత్రమే. మిగతా 15,600 ఆ ఖాతాతో సంబంధం లేని తప్పులదే.

ఈ సవరణ సరైనదో కాదో ఆస్తి అప్పుల పట్టికలో చూసుకోవచ్చు. ఆస్తుల వైపు రావాల్సిన బాకీలు 9,000 తగ్గాయి, ర్యాకులు 21,600కు చేరాయి, అంటే నికరంగా 12,600 పెరిగింది. అప్పుల వైపు మూలధనంలో లాభం 25,420, చీరల వ్యాపారికి ఇవ్వాల్సిన 6,000 పెరిగి, అనామతు నిల్వ 18,820 పోయింది. అక్కడా పెరిగింది 12,600 రూపాయలే.

ఇదంతా ఆ ఏడాది ఖాతాలు ముగించకముందు బయటపడితేనే ఇలా కుదురుతుంది. మరుసటి ఏడాది బయటపడితే పాత అమ్మకాలు, ఖర్చుల ఖాతాలు అప్పటికే మూసేసి ఉంటాయి. పాత ఏడాది తప్పులు కొత్త ఏడాది లాభంలో కలవకూడదని అప్పుడు లాభనష్టాల సర్దుబాటు అనే వేరే ఖాతా తెరుస్తారు. ఆదాయ, ఖర్చుల సవరణలన్నీ అందులో రాసి, తేలిన నిల్వను మూలధనానికి మళ్లిస్తారు.

కంప్యూటర్‌లో లెక్కలు రాసే కొట్లలో ఒంటివైపు తప్పులు దాదాపు రావు. రెండు వైపులా సమానం కాని పద్దును సాఫ్ట్‌వేర్ తీసుకోదు. కానీ ర్యాకులను సరుకుగా రాసినా, బిల్లు రాయడం మరిచిపోయినా అది అడ్డు చెప్పదు. కాబట్టి లాభం తేల్చే ముందు వ్యాపారులు రెండు పనులు చేయాలి. జీఎస్‌టీ పోర్టల్‌లోని జీఎస్‌టీఆర్-2బీ పట్టికలో కనిపించే బిల్లులను కొనుగోళ్ల ఖాతాతో ఒక్కొక్కటిగా పోల్చి చూసుకోవాలి. కొనుగోళ్లలో, మరమ్మతుల్లో రాసిన పెద్ద మొత్తాల బిల్లులు బయటికి తీసి, వాటిలో సరుకెంతో, ఆస్తి ఎంతో విడదీయాలి.