మీటింగ్ మారింది, వాచీకి తెలియలేదు

ఆపిల్ వాచీలో టైము చుట్టూ కనిపించే చిన్న గళ్లను కాంప్లికేషన్లు అంటారు. ఒకదాంట్లో ఎండ ఎంతుందో, ఇంకోదాంట్లో ఎన్ని అడుగులు నడిచామో, మరోదాంట్లో తరువాతి మీటింగ్ ఎప్పుడో పెట్టుకోవచ్చు. మార్చుకోవడం తేలికే. ఫేస్ మీద వేలు నొక్కిపట్టి, Edit తాకి, గళ్లు కనపడేదాకా తెరను పక్కకు జరపాలి. కావలసిన గడిని తాకి, క్రౌన్ తిప్పుతూ ఎంచుకుని, అదే క్రౌన్‌ను నొక్కితే పని అయిపోతుంది.

తిప్పలు ఆ తరవాతే. గడిలో కనిపించేది ఈ క్షణపు లెక్క కాదు. యాప్ ఎప్పుడో రాసిపెట్టిన చీటీ లాంటిది. బ్యాటరీ కోసం వాచీ ఏ యాప్‌నూ ఎడతెగకుండా పనిచేయనివ్వదు. ఫేస్ మీద చోటున్న యాప్‌కైనా గంటకు సుమారు 4 సార్లే మేలుకునే వీలుంటుంది. అందుకే సెన్సర్ అడుగులు లెక్కిస్తూనే ఉన్నా, వేరే యాప్ చూపే అంకె కాసేపు కదలకపోవచ్చు.

పాత సమాచారం కనిపిస్తే ముందు ఆ గడినే తాకండి. యాప్ తెరుచుకుంటుంది. లోపల అంకె సరిగ్గా ఉంటే ఆలస్యం ఫేస్‌ది. లోపలా పాతదే ఉంటే వాచీని తిట్టి లాభం లేదు, వెతకాల్సింది ఫోన్‌లో.

సాయంత్రం 4 గంటల మీటింగ్‌ను ఆఫీసువాళ్లు 5కి జరిపారనుకోండి. వాచీలో ఇంకా 4 అనే ఉంది. ఐఫోన్ క్యాలెండర్ తెరిస్తే అక్కడా 4 అనే ఉంది. అంటే మార్పు ఫోన్‌కే చేరలేదు. క్యాలెండర్ అకౌంట్ల సెట్టింగుల్లో Fetch New Data చూడండి. కొన్ని అకౌంట్లకు మార్పు వెంటనే అందదు, ఫోనే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. అక్కడ Automatically అని ఉంటే, ఫోన్ చార్జింగ్‌లో ఉండి వైఫై అందినప్పుడే వెనకాల ఆ పని జరుగుతుంది. పగలంతా జేబులో ఉండే ఫోన్‌కు ఆ రెండూ కలిసిరావడం అరుదు. 15 నిమిషాలకోసారి అని మార్చుకుంటే బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చయినా మీటింగ్ తప్పదు.

వాతావరణం గడిలో గీతలే కనిపిస్తే చాలాసార్లు కారణం లొకేషన్. మనం ఏ ఊళ్లో ఉన్నామో తెలియకపోతే ఎక్కడి ఎండని చూపిస్తుంది? ఐఫోన్‌లో Location Services లోకి వెళ్లి Weather కు Always ఇవ్వండి. ఫోన్ ఇంట్లో మరిచిపోయి, వాచీకి సొంత నెట్ లేకపోయినా కొత్త సమాచారం రాదు.

మణికట్టు దించగానే గడులు ఖాళీ అయి, ఎత్తగానే నిండుతున్నాయా? అది లోపం కాదు. Always On సెట్టింగుల్లో Show Complication Data ఆపేసి ఉంటుంది. పక్క సీటువాళ్లు మీ మీటింగుల పేర్లు చదవకుండా పెట్టిన తెర అది.